చెప్తామన్నారు, చెప్పలేదు

చివరి రౌండ్ అయ్యాక హెచ్ఆర్ నుంచి ఫోన్ రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని అనుకుంటాం. కానీ చాలాసార్లు రిక్రూటర్ దగ్గర చెప్పడానికి ఏ కబురూ ఉండదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు అభిప్రాయం రాసి పంపాలి, జీతానికి పైవాళ్లు ఆమోదం తెలపాలి. ఈలోగా బడ్జెట్ ఆగిపోతే ఆ ఖాళీనే పక్కన పెట్టేస్తారు.

మన ఐటీ రంగంలో ఇంకో కారణం కూడా ఉంది. అదేమిటంటే మీరు రెండో స్థానంలో ఉండటం. మొదటి అభ్యర్థికి ఆఫర్ వెళ్లింది, అతనికి 60 రోజులో 90 రోజులో నోటీస్ పీరియడ్ ఉంది. ఆ ఆఫర్ చూపించి మరోచోట ఇంకాస్త ఎక్కువ జీతం మాట్లాడుకుని, చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తనివాళ్లు ఉంటారని రిక్రూటర్లందరికీ తెలుసు. అందుకే మిమ్మల్ని వదులుకోరు, అలాగని ‘మీరు రెండోవారు’ అని మొహమ్మీద చెప్పనూ లేరు. ఇక మిగిలేది మౌనమే.

కాబట్టి గుర్తుచేసే ప్రతి ఉత్తరమూ రిక్రూటర్ జవాబివ్వగల ప్రశ్నే అడగాలి. హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ఇంజినీర్‌కు 6వ తేదీ గురువారం చివరి రౌండ్ జరిగిందనుకుందాం. ‘వచ్చే శుక్రవారంలోగా చెప్తాం’ అన్నారు, అంటే 14. ఆ సాయంత్రమే రాస్తే తొందరపాటు. సోమవారమంతా వాళ్లకు మీటింగులతోనే సరిపోతుంది. 18వ తేదీ మంగళవారం ఉదయం, ఇంటర్వ్యూకు పిలిచిన మెయిల్‌కే రిప్లై ఇవ్వాలి. ఆమె చేతిలో ఎన్నో ఖాళీలు, ఎందరో అభ్యర్థులు ఉంటారు. మీరెవరో వెతుక్కునే పని ఆమెకు పెట్టకూడదు. మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది కానీ సారాంశం ఇలా ఉండాలి: ‘నమస్కారం మేడమ్. టెస్టింగ్ లీడ్ ఉద్యోగానికి 6వ తేదీన నా చివరి రౌండ్ జరిగింది. 14లోగా నిర్ణయం తెలుస్తుందన్నారు. ఇంకా సమయం పట్టేట్టుంటే, మళ్లీ ఎప్పుడు అడగమంటారో చెప్పగలరా?’ ఇక్కడ అడిగింది ఫలితం కాదు, తేదీ. ఫలితం తేలకపోయినా తేదీ చెప్పవచ్చు.

జవాబు రాకపోతే వారం ఆగి 25న రెండోది. అదే మెయిల్‌ను మళ్లీ పంపి ‘దయచేసి చూడగలరు’ అంటే లాభం లేదు. ఈసారి ఆమె తన మేనేజర్‌కు చూపించి కదిలించగల కొత్త విషయం ఒకటుండాలి. ‘మరో సంస్థ ఆఫర్‌కు నెలాఖరులోగా జవాబివ్వాలి. నాకు మీ దగ్గర చేరాలనే ఉంది. 28లోగా ఏదో ఒకటి తెలిస్తే నిర్ణయించుకోగలను’ అనేది అలాంటిది. ఆ ఆఫర్ నిజంగా ఉంటేనే రాయాలి. ఆఫర్ లెటర్ చూపించమని అడగవచ్చు, లేదా ‘అయితే అందులోనే చేరండి, శుభాకాంక్షలు’ అనవచ్చు. ఉత్తుత్తి ఆఫర్‌తో బెదిరించినవారికి ఆ రెండో జవాబు గొంతులో వెలక్కాయే. ఆఫర్ లేకపోతే మీ నోటీస్ లెక్క చెప్పండి: ఎప్పుడు రాజీనామా ఇస్తే ఎప్పటికి చేరగలరో.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే దారి మార్చాలి. ‘అయిదు నిమిషాలు మాట్లాడవచ్చా?’ అని వాట్సాప్‌లో ఒక్క మాట, మర్నాడు పనివేళల్లో ఒక్క ఫోన్. నీలం టిక్కులు చూసి ‘చదివారుగా!’ అని నిలదీయకూడదు. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ మీకు ఇదివరకే మెయిల్ రాసి ఉంటే ఆయనకూ రెండు వాక్యాలు రాయవచ్చు. అందులో రిక్రూటర్ మీద ఫిర్యాదు ధ్వనించిందంటే, లోపల మీ తరఫున మాట్లాడే మనిషిని మీరే పోగొట్టుకున్నట్టు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవారు మాత్రం వాళ్లను దాటి కంపెనీకి రాయొద్దు. ‘క్లయింట్ చివరిసారి ఎప్పుడు, ఏమన్నారు?’ అని వాళ్లనే అడగాలి. తడబడితే వాళ్లకూ కబురు లేదని అర్థం.

మరో వారం చూసి ఆఖరి ఉత్తరం. ‘ఇక వేరే అవకాశాలు చూసుకుంటున్నాను. ఈ ఉద్యోగం విషయం మళ్లీ కదిలితే తప్పకుండా మాట్లాడతాను’ అంటే చాలు. దెప్పిపొడుపు వద్దు, ఆ తర్వాత ఇంకో మెయిలూ వద్దు. చిత్రమేమిటంటే, వెంటనే జవాబు తెప్పించే అవకాశం ఎక్కువగా ఉన్నది దీనికే. చేతిలో ఉన్న రెండో అభ్యర్థి జారిపోతున్నాడని తెలిసేది ఇక్కడే కదా.

రెండు మూడు నెలల తర్వాత ‘ఇంకా ఆసక్తి ఉందా?’ అని హఠాత్తుగా ఫోన్ వస్తే మొదటివారు చేరలేదేమో అనుకోవచ్చు. అప్పుడు తొందర వాళ్లది. ఆఫర్ లెటర్ ఏ తేదీకి ఇస్తారో ముందు అడగండి, అది చేతికొచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. వెంటనే చేరాలంటే, మీ పాత కంపెనీ ఒప్పుకునే పక్షంలో, నోటీస్ బైఅవుట్ సొమ్ము మీరే భరిస్తారా అని కూడా అడగవచ్చు.