ప్యాకెట్ మీద 52, కంచంలో 10

మీల్ మేకర్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే వంద గ్రాములకు 52 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. పనీర్ ప్యాకెట్ మీద 18 నుంచి 20 దాకా ఉంటుంది. గట్టి టోఫు అయితే కంపెనీని బట్టి 12 నుంచి 16. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళు వెంటనే ఒక తీర్పుకు వచ్చేస్తారు: పనీర్‌కు డబ్బు దండగ, దాన్ని దాదాపు మూడు రెట్లు మించిన మీల్ మేకర్ తింటే సరిపోతుంది అని. జిమ్ముల్లోనూ, వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లోనూ ఇదే లెక్క వినిపిస్తుంది. అంకెల్లో అబద్ధమేమీ లేదు. పోలికే కుదరదు. పనీర్, టోఫు తడి సరుకులు, ఉన్నవి ఉన్నట్టు తినేయొచ్చు. మీల్ మేకర్ ఎండు సరుకు, నానబెట్టకుండా ఎవరూ కూర వండరు.

అసలు కథంతా నీళ్ళలోనే ఉంది. పనీర్‌లో సగానికి పైగా నీరే. నీరు 60 శాతం మించకూడదనీ, నీరు తీసేయగా మిగిలిన పదార్థంలో కనీసం సగం పాలకొవ్వు ఉండాలనీ మన ఆహార భద్రతా సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.) నిబంధన. టోఫులో నీరు ఇంకా ఎక్కువ. గట్టి రకంలోనే డెబ్బై శాతానికి అటూ ఇటూ ఉంటుంది, చెంచాతో తినే మెత్తటి సిల్కెన్ రకంలో ఎనభై దాటిపోతుంది. ఎండు మీల్ మేకర్‌లో నీరు పదో వంతు కూడా ఉండదు. కాబట్టి వంద గ్రాముల మీల్ మేకర్‌తో వంద గ్రాముల పనీర్‌ను పోల్చడమంటే పచ్చి కందిపప్పును వండిన సాంబారుతో పోల్చడమే. పచ్చి కందిపప్పులో వందకు ఇరవై రెండు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కానీ గిన్నెలో పోసుకున్న పప్పుకు ఆ పేరు చెప్పుకునే అర్హత లేదు.

ఇంట్లో చిన్న కాటా ఉంటే దీన్ని పావుగంటలో తేల్చుకోవచ్చు. యాభై గ్రాముల మీల్ మేకర్ తూచి, కాస్త ఉప్పు వేసిన వేడినీళ్ళలో పది పదిహేను నిమిషాలు నాననివ్వండి. ముక్కలు ఉబ్బి మెత్తబడతాయి, నీళ్ళు పసుపుగా మారి నురగ కడతాయి. వాటిని పారబోసి, చన్నీళ్ళలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో గట్టిగా పిండి మళ్ళీ తూచండి. బరువు సుమారు 130 నుంచి 150 గ్రాములు వస్తుంది. పిండడంలో బద్ధకిస్తే ఇంకా ఎక్కువే వస్తుంది. లోపలి ప్రొటీన్ మాత్రం అదే 26 గ్రాములు, నీళ్ళలోకి పోయేది చాలా కొద్ది. అంటే నానిన మీల్ మేకర్ వంద గ్రాములకు 17 నుంచి 20 గ్రాములు పడుతుంది. పనీర్ ప్యాకెట్ మీద ఉన్న అంకె కూడా దాదాపు అదే! మూడు రెట్ల తేడా కాస్తా పిండిన నీళ్ళతో పాటు సింకులోకి పోయింది.

ఆ కడగడం మానకండి. సోయాలో మన పేగులు అరిగించుకోలేని కొన్ని చక్కెరలు ఉంటాయి, కడుపుబ్బరానికి అవే కారణం. నానబెట్టిన నీళ్ళతో వాటిలో కొంత పోతుంది, పచ్చి వాసన కూడా తగ్గుతుంది.

ఇక కంచం దగ్గరికొద్దాం, మనిషి తినేది అక్కడే. నలుగురున్న ఇంట్లో పనీర్ బటర్ మసాలాకు 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి విప్పుతారు. మనిషికి 50 గ్రాములు, అంటే చిన్న ముక్కలు ఆరో ఏడో వస్తాయి. అందులో ప్రొటీన్ 9 నుంచి 10 గ్రాములు. అదే నలుగురికి మీల్ మేకర్ కూర చేస్తే ఎండు ముక్కలు ఎనభై గ్రాములకు మించి పడవు, నానితే కుక్కర్ గిన్నె నిండిపోతుంది కదా. మనిషికి ఎండు లెక్కన 20 గ్రాములు, ప్రొటీన్ 10 గ్రాములు. టోఫు మన వంటలో ఇంకా కూరల స్థాయికి రాలేదు, ఒకరిద్దరే వేయించుకుని తింటారు. అందుకే 200 గ్రాముల ప్యాకెట్ ఇద్దరికి సరిపోతుంది. మనిషికి వంద గ్రాములు, ప్రొటీన్ 12 నుంచి 16. మూడింటిలో అట్టడుగున ఉందనుకున్న టోఫు కంచంలోకి వచ్చేసరికి కాస్త పైకే వచ్చింది. గొప్పది కావడం వల్ల కాదు, ఎక్కువ వడ్డించుకోవడం వల్ల.

మీల్ మేకర్ బిర్యానీ అని పేరుంటే చాలు, ప్రొటీన్ దండిగా ఉందనుకుంటారు. హోటల్లో మనిషికి వచ్చే అయిదారు ముక్కలు ఎండువిగా తూస్తే పది పన్నెండు గ్రాములకు మించవు. అందులో ప్రొటీన్ ఐదారు గ్రాములే, ఒక కోడిగుడ్డుకు సమానం. మిగిలిందంతా అన్నం.

అలాంటప్పుడు మూడింటికీ తేడా లేదా అంటే, ఉంది. అయితే అది ప్రొటీన్‌లో కంటే దాని వెంట వచ్చేదాంట్లో ఎక్కువ. పది గ్రాముల ప్రొటీన్ కావాలంటే ఏది ఎంత తినాలో చూడండి. పనీర్ 55 గ్రాములు తినాలి, దాంతో 155 కేలరీలూ, పన్నెండు గ్రాముల కొవ్వూ వస్తాయి. టోఫు 75 గ్రాములు చాలు, వచ్చేవి సుమారు వంద కేలరీలు, ఆరు గ్రాముల కొవ్వు. మీల్ మేకర్ ఎండుది ఇరవై గ్రాములు, కేలరీలు డెబ్బై, కొవ్వు నామమాత్రం. పనీర్ కేలరీల్లో ప్రొటీన్ నుంచి వచ్చేవి నాలుగో వంతే, మిగిలినదంతా దాదాపు పాలకొవ్వు చలవే.

ఒకే సోయా గింజ నుంచి వచ్చిన టోఫుకూ, మీల్ మేకర్‌కూ ఇంత తేడా ఎందుకంటే, తయారీలోనే దారులు వేరు. సోయా గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని వేడిగా, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టి పొంగిస్తే మీల్ మేకర్ అవుతుంది. అందుకే కొవ్వు లేదు, పీచు మాత్రం బాగా ఉంటుంది. టోఫుకు గింజల్ని నానబెట్టి, రుబ్బి, వడకట్టి పాలు తీసి, వాటిని కాల్షియం సల్ఫేట్ లాంటి లవణంతో విరగ్గొడతారు. పీచు గుడ్డలో ఉండిపోతుంది, నూనె పాలతో పాటు టోఫులోకి వస్తుంది.

కేలరీల లెక్క చూసి మీల్ మేకర్ వైపు మొగ్గేవాళ్ళు బాండీలోకి కూడా ఓసారి తొంగిచూడాలి. చాలామంది నానిన ముక్కల్ని నూనెలో ఎర్రగా వేయించి కూరలో వేస్తారు. అవి స్పాంజిలాంటివి, నూనె పట్టుకుంటే వదలవు. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. ఇరవై గ్రాముల మీల్ మేకర్ అందులోకి దిగితే పనీర్ లెక్కను దాటిపోతుంది. నానిన ముక్కల్ని నూనె చుక్క లేకుండా రెండు నిమిషాలు పెనం మీద తడి ఆరనిచ్చి, తర్వాత మసాలాలో వేసి ఉడికిస్తే ఇంత నూనె పట్టదు.

టోఫు కొనేటప్పుడు ప్యాకెట్ మీది అంకె చదవక తప్పదు. సిల్కెన్ రకంలో వందకు ఐదు నుంచి ఎనిమిది గ్రాములే ఉండొచ్చు, గట్టి రకంలో అంతకు రెట్టింపు. గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి నీళ్ళు ఓడిస్తే ముక్క గట్టిపడి మసాలా బాగా పడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ 200 గ్రాముల దిమ్మ 160కి దిగినా అందులోని ప్రొటీన్ పెరగదు. వందకు ఎంత అన్న లెక్క మాత్రమే పెరుగుతుంది. పెనం మీద ఎర్రగా కాల్చిన పనీర్‌దీ అదే సంగతి.

పనీర్‌తో ఇంకో చిక్కుంది. అంకె రాసిన ప్యాకెట్ పనీర్ సంగతి వేరు, ఊళ్ళో విడిగా అమ్మే పనీర్, హోటల్ కూరలో వచ్చే పనీర్ సంగతి వేరు. పాలకొవ్వుకు బదులు వంటనూనె కొవ్వు కలిపి చేసినదీ, పిండి కలిపినదీ కూడా దొరుకుతుంది. పిండి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. చిన్న ముక్కను నీళ్ళలో వేసి మరిగించి, చల్లారాక టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి. నీలం తిరిగితే పిండి కలిసింది. నూనె కొవ్వును మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు.

సోయా ప్రొటీన్ నాసిరకమని ఒక మాట వినిపిస్తుంటుంది. అది నిలబడదు. శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాల లెక్కలో పాల ప్రొటీన్‌కు సోయా దాదాపు సమానంగా వస్తుంది. దానికి కాస్త లోటుగా ఉండే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ సోయాలో దండిగా ఉంటుంది. అన్నంలో కలుపుకుని తింటే రెండూ సర్దుకుంటాయి. పనీర్‌కు ఉన్న ఒక ఆధిక్యం బి12, అది సోయాలో సహజంగా ఉండదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రం సోయాకూ మాత్రకూ మధ్య ఎంత విరామం ఉండాలో డాక్టరును అడగాలి, సోయా ఆ మందును పేగుల్లో సరిగా పీల్చనివ్వదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రొటీన్ పెంచే ముందే అడగాలి.

ఇంత లెక్క చూశాక, ఎవరికి ఎంత కావాలో ఒక ఉదాహరణతో చూద్దాం. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్ అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆమె పొద్దున మూడు ఇడ్లీలు తింటే ఆరు గ్రాములు వచ్చాయనుకుందాం. రెండు పూటలకు కలిపి 200 గ్రాముల బియ్యం అన్నం వండుకుంటే పదిహేను గ్రాములు. ముప్ఫై గ్రాముల కందిపప్పు వల్ల ఏడు, ఒక కప్పు పెరుగు వల్ల ఐదు. మొత్తం 33. తక్కువ పడేది పదమూడు.

ఆ పదమూడు గ్రాములు డెబ్బై గ్రాముల పనీర్‌తో వస్తాయి, వంద గ్రాముల గట్టి టోఫుతోనో, పాతిక గ్రాముల ఎండు మీల్ మేకర్‌తోనో కూడా వస్తాయి. బరువు తగ్గాలనుకునే మనిషైతే మీల్ మేకర్, టోఫు మేలు. నాలుగు ముద్దలకే చాలనే పెద్దావిడకో, పలచగా ఉన్న పిల్లాడికో నేనైతే పనీరే పెడతాను. మెత్తగా నమలడానికి వీలుగా ఉంటుంది, కొంచెం తిన్నా ఎక్కువ కేలరీలు అందుతాయి. అక్కడ ఆ కొవ్వు భారం కాదు, అవసరం.