గ్యాస్ మళ్లీ పోయింది, డబ్బు మళ్లీ కట్టాలా?

ఎండలు ముదిరితే కారు ఏసీ షెడ్ల దగ్గర ఒక వాదన తరచూ వినిపిస్తుంది. ‘మొన్ననే గ్యాస్ పట్టారు, అప్పుడే చల్లదనం పోయింది’ అంటాడు కారాయన. ‘గ్యాస్ అయిపోయింది సార్, మళ్లీ పట్టాలి’ అంటాడు మెకానిక్.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కాస్త తగ్గడం మామూలే. మూడు వారాల్లోనే పోయిందంటే మాత్రం ఎక్కడో లీకుంది. మొదటిసారి దాన్ని వెతకలేదు, లేదా వెతికినా దొరకలేదు. ఉచితంగా మళ్లీ చేసిపెట్టమని అడగడానికి ఆధారం ఇదే.

అడిగే ముందు ఇది పాత జబ్బేనా అని తేల్చుకోవాలి. అదే షెడ్డులో గేజ్ పెట్టి చూడమనండి. రెండు వైపులా ఒత్తిడి బాగా తక్కువుంటే సాధారణంగా గ్యాస్ తగ్గినట్టు. అలా కాకుండా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడిగాలి, బండి పరుగెత్తితే చల్లగాలి వస్తుంటే కండెన్సర్ ఫ్యాన్‌ను అనుమానించాలి. అది కొత్త లోపమైతే ఉచితంగా అడగడం న్యాయం కాదు. ఈలోగా వేరే షెడ్డులో విప్పించకండి. ‘మా తర్వాత ఇంకెవరో చెయ్యి పెట్టారు’ అనే మాటకు చోటిచ్చినట్టవుతుంది. ‘లీకుంది, ప్రస్తుతానికి గ్యాస్ చాలు’ అని అప్పట్లో మీరే ఒప్పుకొని ఉంటే కూడా వాదన నిలవదు.

పాత జబ్బేనని తేలితే వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా పంపండి. ఉదాహరణకు:

‘ఏప్రిల్ 4న మా కారు ఏసీకి గ్యాస్ పట్టి 2,400 రూపాయలు తీసుకున్నారు. బిల్లు జతచేశాను. 25న చల్లదనం మళ్లీ పోయింది. ఈ రోజు మీ షెడ్డులోనే గేజ్ పెడితే గ్యాస్ తక్కువని తేలింది. లీకు ఎక్కడుందో కనిపెట్టి, గ్యాస్‌కూ కూలికీ మళ్లీ డబ్బు తీసుకోకుండా సరిచేయండి. భాగం మార్చాల్సి వస్తే ధర ముందే చెప్పండి. వారంలోగా జవాబివ్వగలరు.’

కండెన్సర్ చిల్లు పడి మార్చాల్సి వస్తే దాని ధర మనదే. మొదటిసారే కనిపెట్టినా ఆ ఖర్చు తప్పేది కాదు కదా! రెండోసారి గ్యాస్, కూలి మాత్రం మన మీద పడకూడదు.

ఈసారి గ్యాస్ పట్టేముందు దగ్గరుండి చూడండి. గొట్టాల్లో గాలి తీసేశాక పంపు ఆపి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో గమనించాలి. చిన్న లీకులు దీనికి చిక్కకపోవచ్చు. అందుకే నైట్రోజన్ నింపి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూడమనాలి. లీకున్న చోట జిడ్డు మరక కూడా కనిపించవచ్చు.

షెడ్డువాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. లోపం బయటపడిన రెండేళ్లలోగా మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజుండదు. అక్కడ చూపాల్సినవి పాత బిల్లు, గేజ్ ఫొటో, మీరు పంపిన ఆ సందేశం.