ఎసరు పెట్టే ముందు వేసే లెక్క

రోగుల వెంట వచ్చినవారికి ఆసుపత్రి పక్కన మధ్యాహ్న భోజనం పెట్టే వంటశాలలో ముందురోజు సాయంత్రమే పేర్లు రాసుకుంటారు. ఆ జాబితాలోని సంఖ్యకే బియ్యం కొలిస్తే లెక్క రెండు వైపులా తప్పుతుంది. పేరిచ్చినవారిలో కొందరు పొద్దున్నే డిశ్చార్జి అయి ఊరెళ్లిపోతారు. పేరివ్వనివారు తెల్లవారి బస్సుకు దిగి నేరుగా పంక్తిలో కూర్చుంటారు. అందుకే ఈ రెండు వర్గాలనూ విడివిడిగా అంచనా వేయాలి.

ఒక మంగళవారానికి 180 పేర్లు వచ్చాయనుకుందాం. పోల్చాల్సింది గత మంగళవారాలతోనే. ఓపీ ఉన్న రోజు రద్దీ ఆదివారం ఉండదు. గత నాలుగు మంగళవారాల్లో పేరిచ్చిన ప్రతి 100 మందికి 80 మంది వచ్చారు. ఆ లెక్కన ఈసారి 144 మంది వస్తారు. పేరివ్వకుండా వచ్చినవారు వరుసగా 58, 62, 40, 60. సగటు 55 అని రాసేసుకోవచ్చు గానీ, ఆ 40 దగ్గర ఆగి చూడాలి. ఆ రోజు 1:10కే అన్నం అయిపోయింది. ఆ తర్వాత వచ్చినవారు ఖాళీ గిన్నెలు చూసి వెనుదిరిగారు. పుస్తకంలోకి ఎక్కింది తిన్నవారి సంఖ్య మాత్రమే. దాన్ని సగటులో కలిపితే ఈ వారం తక్కువ వండుతారు, మళ్లీ అయిపోతుంది. వంట తగ్గడం వల్ల తగ్గిన సంఖ్యను చూసి జనమే తగ్గారనుకుంటారు. అన్నం ఎన్నింటికి అయిపోయిందో, ఎందరు తిరిగి వెళ్లారో రాయడం అందుకే తప్పనిసరి. ఆ రోజును పక్కన పెడితే సగటు 60, మొత్తం 204 మంది.

ఇక మిగులు. గుండిగలో మిగిలినదాన్ని, విస్తళ్లలో వదిలేసినదాన్ని వేరువేరుగా తూచాలి. ఎంగిలి ఎక్కువైతే వడ్డన పెద్దదైనా కావాలి, కూర రుచించకపోయైనా ఉండాలి. జనం లెక్కతో దానికి సంబంధం లేదు. 200 మందికని తలకు 150 గ్రాముల చొప్పున 30 కిలోల బియ్యం వండారు, సరిగ్గా 200 మందే వచ్చారు, అయినా రోజూ గుండిగలో 5 కిలోల అన్నం మిగులుతోంది. కిలో బియ్యానికి రెండున్నర కిలోల అన్నం అవుతుందనుకుంటే అది 2 కిలోల బియ్యం. తలకు 140 గ్రాములు చాలన్నమాట. ఈ మంగళవారానికి కావలసింది సుమారు 28.5 కిలోలు.

అంతా ఒకేసారి వార్చకూడదు. మొదటి వాయి 24 కిలోలు, అంటే సుమారు 170 మందికి. పాత పుస్తకం ప్రకారం 12:45కల్లా సగం మంది వస్తారు. ఆ వేళకు 115 మంది తిని ఉంటే మొత్తం 230కి చేరవచ్చు; రెండో వాయికి 8 కిలోలు పోయాలి. 90 మందే వస్తే కిలోంపావు చాలు. ఎసరు మరుగుతూ సిద్ధంగా ఉంటే అరగంటలో అన్నం దిగుతుంది. కూరకు ఈ వెసులుబాటు లేదు. కూరగాయలు పొద్దున్నే తరగాలి కాబట్టి, దాన్ని 230 మందికి సరిపడా ముందే చేసుకోవాలి.