బాకీ గుర్తుచేసే మూడు ఉత్తరాలు

విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే మిత్రుడొకరు తన ఫోన్ చూపించారు. ఒక ప్రైవేటు కాలేజీ రూ. 38,400 బాకీ. మే 2న సరుకు అందింది, నెల రోజుల గడువు జూన్ 1తో తీరింది. ఆయన ఒకే మెసేజ్‌ని మూడుసార్లు కాపీ చేసి పంపారు: "సర్, మీ బిల్లు పెండింగ్‌లో ఉంది. దయచేసి త్వరగా చెల్లించగలరు."

రెండోసారి అదే మాట వచ్చేసరికి, పట్టించుకోకపోయినా ఏమీ కాదని అవతలివాళ్లకు తెలిసిపోతుంది. పైగా అందులో బిల్లు నంబరు లేదు, మొత్తం లేదు, తేదీ లేదు. ఇద్దరం కూర్చుని తిరగరాశాం.

మొదటిది జూన్ 3న వెళ్లాల్సింది. మరిచిపోయి ఉంటారన్న నమ్మకంతోనే రాయాలి: "నమస్కారమండీ. ప్రశ్నపత్రాల ముద్రణకు బిల్లు నం. 214, రూ. 38,400 గడువు జూన్ 1తో ముగిసింది. బిల్లు, ఖాతా వివరాలు మళ్లీ జతచేశాను. ఇప్పటికే పంపి ఉంటే మన్నించండి."

రెండోది జూన్ 12న. ఇక్కడ మర్యాద తగ్గదు కానీ మన్నింపు మాట పోతుంది, దాని స్థానంలో ప్రశ్న వస్తుంది: "జూన్ 3న రాశాను, జవాబు రాలేదు. బిల్లులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి. లేకపోతే ఏ తేదీన చెల్లిస్తారో శుక్రవారంలోగా తెలపండి." నా దృష్టిలో మూడింటిలో కీలకం ఇదే. నిజంగా లెక్కలో తేడా ఉంటే ఇక్కడే బయటపడుతుంది. లేకపోతే వాళ్ల నోటనే ఒక తేదీ వస్తుంది.

మూడోది జూన్ 24న, అకౌంట్స్ విభాగంతో పాటు కరస్పాండెంట్ గారికి కూడా: "జూన్ 3, 12 తేదీల్లో రాశాను. జూలై 1లోగా రూ. 38,400 అందకపోతే కొత్త ఆర్డర్లు తీసుకోలేను. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఫిర్యాదు చేస్తాను." కోపపు మాట ఒక్కటీ లేదు, తేదీ, పర్యవసానం మాత్రమే ఉన్నాయి.

ఆ చివరి వాక్యం ఊరికే రాసింది కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ప్రెస్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే ఉంది కాబట్టి ఫిర్యాదుకు వీలుంది. ఆ రిజిస్ట్రేషన్ లేనివారు ఈ వాక్యం రాయకూడదు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు కూడా ఈ రక్షణ వర్తించదు, వారు కొత్త సరుకు ఆపుతామని చెబితే చాలు.

మూడోది పంపే ముందు బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోండి. నిన్ననే డబ్బు కట్టినవాళ్లకు ఆ ఉత్తరం వెళ్తే, వచ్చే ఏడాది ఆర్డరు పక్క ప్రెస్‌కు పోతుంది.