ఏడున్నరకు నాన్న వస్తారు, మీరు ఆరున్నరకే రండి

షష్టిపూర్తిని గుట్టుగా చేయడం కుదరదు. దంపతులు పీటల మీద కూర్చోవాలి, సంకల్పం చెప్పుకోవాలి. పుట్టిన సంవత్సరం పేరు అరవై ఏళ్లకు మళ్లీ తిరిగొచ్చాక తిథి, నక్షత్రం చూసి ముహూర్తం పెట్టుకుంటారు. 1966 ఉగాదితో మొదలైన పరాభవ నామ సంవత్సరం మళ్లీ 2026 ఉగాదికి వచ్చేది అలాగే. అందుకే పిల్లలు ఆ క్రతువును దాని దారిన ఉంచి, సర్టిఫికెట్లో ఉన్న తేదీ నాటి సాయంత్రాన్ని సర్‌ప్రైజ్ కోసం వాడుకుంటున్నారు. హాలు, కేకు, భోజనాలు, చిన్నప్పటి ఫొటోల వీడియో అన్నీ శ్రద్ధగా ఏర్పాటు చేస్తారు. ఆహ్వానాన్ని మాత్రం చివర్లో హడావిడిగా రాసి వాట్సాప్‌లో పంపేస్తారు. గుట్టు ఎక్కువగా బయటపడేది అక్కడే.

మామూలు ఆహ్వానంలో ఒక్క టైమే ఉంటుంది. ఇందులో రెండు ఉండాలి: అతిథులు రావాల్సిన టైము, పుట్టినరోజు మనిషి వచ్చే టైము. చాలామంది మొదటిదే రాసి ఊరుకుంటారు. మన దగ్గర ఆరున్నరకు ఫంక్షన్ అంటే ఏడున్నరకు వెళ్తే చాలని లెక్క. అది తప్పని ఎవరూ అనుకోరు, ముందే వెళ్తే పిలిచినవాళ్లే ఇంకా తయారవుతుంటారు. సర్‌ప్రైజ్ సంగతి తెలిసినవాళ్లు కూడా ఈ అలవాటుతోనే బయల్దేరుతారు. సరిగ్గా ఏడున్నరకు లిఫ్టు దగ్గర నాన్నకు ఎదురుపడతారు. ఇక కొందరు ఏడున్నర అని రాసి ‘కాస్త ముందుగా రండి’ అని చేరుస్తారు. కాస్త అంటే ఒకరికి పది నిమిషాలు, ఇంకొకరికి ముప్పావుగంట. రెండు టైములూ అంకెల్లో ఉండాలి, రెండోది ఎందుకు రాశామో కూడా చెప్పాలి. కారణం తెలిస్తేనే మనిషి అలవాటు పక్కన పెట్టి బయల్దేరతాడు.

రెండింటికీ మధ్య ఎంత తేడా ఉండాలన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. అమ్మానాన్నలు కూకట్‌పల్లిలో ఉంటారనుకుందాం. విందు మియాపూర్‌లో, అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో. శనివారం సాయంత్రం, నలభై మంది అతిథులు. నాన్న ఏడున్నరకు వస్తారు. లెక్క ఆయన దగ్గర్నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి. ఏడుంబావు తర్వాత గేటు దగ్గర, లిఫ్టులో, మెట్ల మీద అతిథులెవరూ కనిపించకూడదు. అంటే ఆఖరి మనిషి ఏడింటికల్లా లోపల ఉండాలి. మన అలవాటు ప్రకారం అరగంట ఆలస్యాన్ని కూడా కలుపుకుంటే ఆహ్వానంలో ఆరున్నర అని పడాలి. మొత్తం గంట తేడా. రెండు గంటలు పెట్టడం నాకు నచ్చదు. వేళకు వచ్చిన పెద్దవాళ్లు ఆకలితో, చిన్నపిల్లలు విసుగుతో అయిపోతారు. గంటైనా సరే, ఆరున్నర నుంచే టీ, పకోడీ ఉంటాయని ఆహ్వానంలో రాస్తే ముందొచ్చిన వాళ్లకు వేచి ఉండటం బరువనిపించదు.

దారి గురించి కూడా ఒక మాట ఉండాలి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మియాపూర్ దాకా నేరుగా మెట్రో ఉంది, ఎల్బీనగర్‌లో ఎక్కితే దాదాపు గంట. శనివారం సాయంత్రం కారులో ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే దూరం నుంచి వచ్చేవాళ్లకు మెట్రో మేలు. నాన్నను మాత్రం మెట్రోలో తీసుకురాకూడదు. కేపీహెచ్‌బీ స్టేషన్ కూడా ఆ లైన్లోనే ఉంది, ఆయన ఎక్కిన పెట్టెలోనే గిఫ్టు పట్టుకున్న బాబాయి కుటుంబం కూర్చుని ఉండొచ్చు.

ఇవన్నీ కలిపితే ఆహ్వానం దాదాపు ఇలా ఉంటుంది:

‘నాన్నగారి అరవయ్యో పుట్టినరోజు విందుకు మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం. ఈ సంగతి ఆయనకు తెలియదు. శనివారం సాయంత్రం 6.30కే మీరు క్లబ్‌హౌస్‌లో ఉండాలి. నాన్నగారు 7.30కి వస్తారు. 7.15 తర్వాత చేరుకునేవాళ్లు దయచేసి గేటు లోపలికి రావద్దు, మెయిన్‌రోడ్డు మీదే ఆగి, మా నుంచి మెసేజ్ వచ్చాక రండి. రాలేకపోతే కింది నంబరుకే చెప్పండి, ఇంటికి ఫోన్ చేయవద్దు. ఆ రోజు పొద్దున మాత్రం నాన్నగారికి మామూలుగా ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పండి.’

ఇందులో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది 7.15 తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసిన వాక్యం. నేను చూసిన ఆహ్వానాల్లో ఎక్కువగా లేనిది కూడా అదే. ఎంత చెప్పినా నలుగురైదుగురు ఆలస్యంగా వస్తారు, ట్రాఫిక్ వాళ్ల చేతిలో లేదు. ఏం చేయాలో తెలియక వాళ్లు ఇంకా తొందరపడతారు, పరుగున గేటు దాటతారు, సరిగ్గా కారు దిగుతున్న నాన్న కళ్లబడతారు. ఎక్కడ ఆగాలో ముందే తెలిస్తే వాళ్లు నెమ్మదిగా ఆగుతారు. పదిహేను నిమిషాలు ఆలస్యంగా లోపలికొచ్చినందుకు తర్వాత ఎవరూ ఏమీ అనుకోరు.

శుభాకాంక్షల ఫోను గురించి రాసిన వాక్యం కూడా అంతే అవసరం. గుట్టు కాపాడాలన్న ఆత్రంలో చుట్టాలంతా ఆ రోజు నోరు మూసుకుంటారు. ఏటా ఆరింటికల్లా ఫోన్ చేసే చెల్లెలు కూడా చేయకపోతే నాన్నకు అనుమానం రావచ్చు, లేదా మనసు కష్టపడవచ్చు. అరవయ్యేళ్ల మనిషి పన్నెండు గంటలు అందరూ తనను మరిచిపోయారనుకుంటూ గడపడం ఏ సర్‌ప్రైజ్‌కీ తగదు. ఫోన్ చేయాలి. చివర్లో ‘సాయంత్రం కలుద్దాం’ అని నోరు జారకుండా చూసుకుంటే చాలు.

ఇక పంపే పద్ధతి. కుటుంబం గ్రూపులో నాన్న కూడా ఉంటారు కాబట్టి కొత్త గ్రూపు పెడతారు. దానికి ‘నాన్న 60 సర్‌ప్రైజ్’ అని పేరు పెడితే, అమ్మ ఫోను టేబుల్ మీద వెలిగినప్పుడల్లా ఆ పేరే తెర మీద కనిపిస్తుంది. ‘అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్’ లాంటి పేరైతే ఎవరూ రెండోసారి చూడరు. ఎవరో ఒకరు ఆ మెసేజ్‌ను పొరపాటున పాత గ్రూపులో పెట్టేస్తారు. అందరికీ కనబడకుండా చెరిపేసే వీలు రెండు రోజులకు పైగానే ఉంటుంది, కానీ మెసేజ్ చెరిపేసినట్టు గుర్తు అక్కడ మిగిలిపోతుంది. పుట్టినరోజు వారంలో ఆ గుర్తు చూస్తే ‘ఏంట్రా అది?’ అని అడుగుతారు. చెరిపిన వెంటనే వేరే ఫొటో ఏదో ఒకటి పెట్టి ‘ఇందాక తప్పు ఫొటో పడింది’ అనాలి.

పెద్దవాళ్లకు కార్డు బొమ్మ పంపితే సరిపోదు. మేనత్తకో పెద్దనాన్నకో ఇంటి పెద్ద నోటి నుంచి పిలుపు రావాలి, ఇక్కడేమో ఆ ఇంటి పెద్దకే సంగతి తెలియకూడదు. అందుకే ఆ పిలుపు అమ్మ పిలవాలి. ‘వదినా, ఆయనకు తెలియకుండా పిల్లలు చేస్తున్నారు, అందుకే నేనే పిలుస్తున్నా, ఏమీ అనుకోకు’ అని ఆవిడ ఒక్క మాట అంటే పట్టింపులుండవు. టైము కూడా నోటితోనే రెండుసార్లు చెప్పాలి. పెద్దవాళ్లు మెసేజ్ మొత్తం చదవరు, చెవిన పడిన అంకెను మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకుంటారు.

విందు అమ్మానాన్నల ఇంట్లోనే అయితే ఆహ్వానంలో ఇంకో రెండు మాటలు చేరాలి. ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర అతిథి పేరు చెప్పగానే ఇంటి యజమాని ఫోనుకు కబురు వెళ్తుంది. నాన్నను గుడికి పంపి ఇంట్లో అందరినీ చేర్చుతుంటే, గుళ్లో ఉన్న ఆయన ఫోనుకే ‘మీ ఇంటికి అతిథి వచ్చారు’ అని ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. అందుకే పక్క ఫ్లాటు నంబరు చెప్పమని రాయాలి, ఆ ఫ్లాటు వాళ్లను ముందే అడిగి పెట్టుకోవాలి. రెండోది చెప్పులు. లోపల లైట్లు ఆర్పి, పిల్లల నోళ్లు మూయించి, ఊపిరి బిగబట్టి నిలబడతారు, గుమ్మం ముందు మాత్రం ముప్పై జతల చెప్పులు గుట్టగా పడి ఉంటాయి. ఒక ఇంట్లో పెద్దాయన లిఫ్టు దిగి వాటిని చూసి, తన మనవరాలి గులాబీరంగు సాండల్స్ గుర్తుపట్టి, కాలింగ్ బెల్ కొట్టకుండా ‘ఎంతమంది వచ్చారమ్మా?’ అని బయటి నుంచే అడిగారు. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రమ్మని ఆహ్వానంలోనే చెప్పాలి, లోపల బాల్కనీలో ఒక దుప్పటి పరిచి ఉంచాలి.

నాన్నను తీసుకొచ్చే మనిషికి కార్డుతో పనిలేదు, ఆ మనిషితో విడిగా మాట్లాడుకోవాలి. ఆ పని అల్లుడికి అప్పగించారనుకుందాం. అబద్ధం అమ్మానాన్నలు మంచి బట్టలు కట్టుకునేలా ఉండాలి. ‘మా బాస్ కొడుకు రిసెప్షన్, మీరూ రావాలి’ అంటే సరిపోతుంది. ‘ఊరికే అలా తిరిగొద్దాం’ అంటే ఆయన లుంగీ మార్చి పాత ప్యాంటు వేసుకుని వస్తారు, ఫొటోలు చూసిన ప్రతిసారీ నొచ్చుకుంటారు. మన నాన్నలకు రైలుకైనా పెళ్లికైనా గంట ముందే బయల్దేరే గుణం ఉంటుంది కాబట్టి, ఆయనకు చెప్పే టైము నిజమైన దానికన్నా కాస్త వెనక్కి ఉండాలి, దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకసారి ఆగే వీలుండాలి. అల్లుడు వాట్సాప్‌లో గంటసేపు లైవ్ లొకేషన్ ఒక్కరికే పంపితే, హాల్లో వాళ్లు ‘ఎక్కడున్నారు?’ అని అడగక్కర్లేదు. ఆయన ఫోను కారు తెరకు కలిపి ఉండకూడదు. ‘అందరూ వచ్చేశారు, తీసుకొచ్చేయండి’ అన్న మెసేజ్ ఆ తెర మీద పడొచ్చు, కారే పైకి చదివి వినిపించినా వినిపించొచ్చు.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు, హఠాత్తుగా కేకలు వేస్తే బెదిరిపోయేవాళ్లకు చీకటి గదీ అరుపులూ వద్దు. లైట్లు వేసే ఉంచి, తలుపు తీయగానే మనవడు ఎదురొచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్తే సరిపోతుంది. అరవై దాటిన అతిథులు కూడా చాలామంది ఉంటారు, వాళ్లు చీకట్లో కుర్చీలు తడుముకుంటే పడిపోతారు.

రెండు రోజుల ముందే ఆయనకు తెలిసిపోయిందనిపిస్తే కంగారుపడి టైములు మార్చకూడదు. మారిన టైము నలభై మందిలో పదిమందికి అందదు, పాతదాని ప్రకారం వచ్చినవాళ్లు తాళం వేసిన తలుపు ముందు నిలబడతారు. ఆరున్నర ఆరున్నరగానే, ఏడున్నర ఏడున్నరగానే ఉండనివ్వాలి. ఆయనను ఏమీ అడగకూడదు. తెలిసినా చాలామంది తండ్రులు బయటపడరు, పిల్లలు పడిన శ్రమ తెలుసు కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని, అల్లుడు చెప్పిన రిసెప్షన్‌కే బయల్దేరతారు.