‘సార్... ప్రింట్ స్క్రీన్ పనిచేస్తలేదు!’

దేవరకొండ బస్టాండు దగ్గర ఓ ఆన్‌లైన్ సెంటర్ ఉందనుకోండి. పొద్దున పదకొండు గంటలు. మనవరాలి కాలేజీ ఫీజు కట్టడానికి తండా నుంచి ఓ పెద్దమ్మ వచ్చింది. ఆ రోజే ఆఖరు తేదీ. సెంటర్ నడిపే కుర్రాడు ఫారం నింపి, తన ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపాడు. బ్యాంకు నుంచి డబ్బు తగ్గినట్టు ఎస్సెమ్మెస్ వచ్చింది. కంప్యూటర్ తెర మీద మాత్రం ‘పెండింగ్’ అని చూపించి, కింద ఓ పొడవాటి నంబరు కనిపించింది.

‘‘పైసలు కట్టైనయా బిడ్డా?’’ అంది పెద్దమ్మ.

‘‘అయినయ్ పెద్దమ్మా... జర ఆగు, ఫొటో తీసి పెడతా’’ అంటూ కుర్రాడు అలవాటుగా కీబోర్డు మీద PrtSc మీట నొక్కాడు. ఇన్నేళ్లూ ఆ మీట నొక్కడం, పెయింట్ తెరవడం, అందులో పేస్ట్ చేయడం... అంతే పని. ఆ రోజు మాత్రం తెర ఒక్కసారిగా మసకబారింది. కంప్యూటర్ ఆగిపోయిందేమోనని కంగారుపడి Esc నొక్కాడు. తెర మామూలైంది. పెయింట్‌లో పేస్ట్ చేస్తే పొద్దున ఎవరిదో తీసిన పాత బొమ్మ వచ్చింది. ఏదో తేడా చేసిందని పేజీని రిఫ్రెష్ చేశాడు. నంబరు మాయమైంది!

చెమటలు తుడుచుకుంటూ హైదరాబాద్‌లోని హెల్ప్‌డెస్క్‌కు ఓ మెసేజ్ పెట్టాడు: ‘సార్, అప్‌డేట్ తర్వాత స్క్రీన్‌షాట్ పనిచేస్తలేదు. అర్జెంట్.’

జవాబు రావడానికి సాయంత్రమైంది. అదీ ఎదురు ప్రశ్నే: ‘పనిచేయడం లేదంటే ఏమవుతోంది?’

చెడిపోలేదు... మారింది!

ఆ కుర్రాడి మీట చెడిపోలేదు. అది చేసే పని మారింది. విండోస్ 10లో PrtSc నొక్కితే తెర మొత్తం బొమ్మగా మారి క్లిప్‌బోర్డులోకి, అంటే కంప్యూటర్ తాత్కాలికంగా గుర్తుపెట్టుకునే చోటుకి చేరేది. తెర మీద ఏ కదలికా కనిపించేది కాదు. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ అలవాటును మార్చింది. విండోస్ 11లో అదే మీట నొక్కితే ఇప్పుడు ‘స్నిప్పింగ్ టూల్’ తెరుచుకుంటుంది. తెర మసకబారి, పైన చిన్న పట్టీ వస్తుంది. మనకు కావలసిన భాగం మీద మౌస్‌తో గీత గీసి చూపించేవరకూ అది ఎదురుచూస్తూనే ఉంటుంది. గీయకుండా Esc నొక్కితే ఏ బొమ్మా రాదు. క్లిప్‌బోర్డులో అంతకుముందున్నదే ఉండిపోతుంది. కుర్రాడికి పాత బొమ్మ రావడానికి కారణం అదే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో పాత కంప్యూటర్లను 11కు మార్చుకున్నవారికి ఈ తేడా ఒక్కసారిగా ఎదురవుతుంది. అయితే అందరికీ ఇలా జరగదు. ఈ అమరికను ఎప్పుడో ఒకసారి తమ చేత్తో మార్చుకున్నవారికి ఆ ఎంపికే కొనసాగుతుంది. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకే మీట రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు.

అన్నట్టు, ఈ మీట పని మారడం ఇదే మొదలు కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో షిఫ్ట్‌తో కలిపి దీన్ని నొక్కితే తెర మీది అక్షరాలు నిజంగానే ప్రింటర్లోంచి కాగితం మీదకు వచ్చేవి. ఆ పని ఎప్పుడో పోయింది. పేరు మాత్రం మిగిలింది.

నిజంగానే ఆగిన రోజు

అలాగని అప్‌డేట్ల తర్వాత వచ్చే ప్రతి ఫిర్యాదూ అలవాటు తేడాయే అనుకోకూడదు. 2021 నవంబర్ 1న విండోస్ 11 వాడేవారిలో కొందరికి స్నిప్పింగ్ టూల్ తెరుచుకోనే లేదు. కారణం విచిత్రమైనది. ఆ ప్రోగ్రామ్ అసలైనదేనని కంప్యూటర్‌కు రుజువు చేసే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సర్టిఫికెట్ గడువు అంతకుముందు రోజు, అక్టోబర్ 31తో తీరిపోయింది. రెన్యువల్ చేయించని లైసెన్సులాంటిదన్నమాట. కొత్త సర్టిఫికెట్‌తో KB5008295 అనే అప్‌డేట్ వచ్చేదాకా కంపెనీ చెప్పిన ఉపాయం ఏమిటో తెలుసా? PrtSc నొక్కి పెయింట్‌లో పేస్ట్ చేసుకోమని!

అక్కడ స్నిప్పింగ్ టూల్ ఆగింది, మీట పనిచేసింది. ఇక్కడ స్నిప్పింగ్ టూల్ పనిచేస్తోంది, మీట దారి మారింది. రెంటికీ వాడేవారు రాసేది మాత్రం ఒకే వాక్యం: ‘స్క్రీన్‌షాట్ పనిచేయడం లేదు.’ హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నవారికి ఆ వాక్యంలోంచి ఏ సంగతీ తెలియదు.

ఎలా రాస్తే బాగుండేది?

కుర్రాడు మరో అయిదు నిమిషాలు వెచ్చించి ఇలా రాసి ఉంటే:

‘నమస్తే సార్. శుక్రవారం రాత్రి మా సెంటర్‌లో రెండో కంప్యూటర్ విండోస్ 10 నుంచి 11కు మారింది. winver కొడితే Version 24H2 అని చూపిస్తోంది. అంతకుముందు PrtSc నొక్కి పెయింట్‌లో పేస్ట్ చేస్తే తెర మొత్తం వచ్చేది. ఇప్పుడు నొక్కగానే తెర మసకబారి పైన చిన్న పట్టీ వస్తోంది. Esc కొట్టి పేస్ట్ చేస్తే పాత బొమ్మ వస్తోంది. ప్రతిసారీ ఇంతే. Windows + PrtSc నొక్కితే మాత్రం బొమ్మ ఫోల్డర్‌లో సేవ్ అవుతోంది. మొదటి కంప్యూటర్ ఇంకా విండోస్ 10లోనే ఉంది, అందులో ఏ ఇబ్బందీ లేదు. ఫీజు రసీదుల కోసం మాకు రోజూ ఇది అవసరం.’

ఇందులో ఒక్క సాంకేతిక పదం కూడా కష్టమైనది లేదు. అయినా ప్రతి వాక్యం ఓ అనుమానాన్ని తీసేస్తుంది. ‘శుక్రవారం రాత్రి’ అనడంతో అప్‌డేట్‌కు ముందు, తర్వాత అనే గీత దొరికింది. వెర్షన్ తెలియడంతో ఏ మార్పులు వచ్చి ఉంటాయో ఊహించవచ్చు. ‘తెర మసకబారింది’ అన్న మాటతో మీట నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చేరుతోందనీ, కీబోర్డు బాగానే ఉందనీ తేలిపోయింది. విండోస్ మీటతో కలిపి నొక్కితే బొమ్మ సేవ్ అవుతోందంటే తెరను బొమ్మ తీసే శక్తి కూడా పోలేదు. ఇక మిగిలింది ఒక్క అమరికే!

వెర్షన్ తెలుసుకోవడం కూడా తేలికే. విండోస్ మీట, R కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఈ మాట టైపు చేసి ఎంటర్ కొడితే చాలు.

```
winver
```

సరిచేయడం నిమిషం పని

పాత పద్ధతే కావాలనుకుంటే Settings తెరిచి Accessibility, అందులో Keyboard దగ్గరికి వెళ్లాలి. అక్కడ Use the Print screen key to open screen capture అన్న వరుస ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న మీటను ఆఫ్ చేస్తే PrtSc మళ్లీ పాత పనిలోకి వస్తుంది. మార్చాక ఒకసారి నొక్కి, పెయింట్‌లో పేస్ట్ చేసి చూసుకోవాలి.

అది ఆఫ్‌లోనే ఉన్నా బొమ్మ రాకపోతే రెండు చోట్ల వెతకాలి. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లాంటి ప్రోగ్రాములు స్క్రీన్‌షాట్లను తామే దాచుకుంటామని అడుగుతాయి. ఎప్పుడో తొందరలో ‘సరే’ అని ఉంటే ఆ మీట వాటి చేతిలోకి వెళ్లిపోయి ఉండవచ్చు. రెండోది మీటే పాడవడం. విండోస్ మీట, R నొక్కి osk అని టైపు చేస్తే తెర మీద కీబోర్డు వస్తుంది. అందులో మౌస్‌తో PrtScn నొక్కితే బొమ్మ వచ్చి, చేత్తో నొక్కితే రాకపోతే తప్పు అప్‌డేట్‌ది కాదు, కీబోర్డుది. ల్యాప్‌టాప్ అయితే ఆ నిర్ణయానికి వచ్చేముందు Fn మీటతో కలిపి కూడా నొక్కి చూడాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకే మీటకు రెండు పనులుంటాయి.

ఏది ఎలా ఉన్నా తొందరలో చేతికి అందే దారి ఒకటుంది. Windows + PrtSc నొక్కితే తెర మొత్తం Pictures లోని Screenshots ఫోల్డర్‌లో ఫైలుగా చేరుతుంది. పేస్ట్ చేయనక్కర్లేదు, పాత బొమ్మతో పొరబడే పనీ లేదు.

పెద్దమ్మ డబ్బు సంగతి?

తెర మీది నంబరు పోయినంత మాత్రాన డబ్బు జాడ పోదు. యూపీఐతో కట్టాడు కాబట్టి కుర్రాడి ఫోన్‌లోని చెల్లింపుల చరిత్రలో ఆ లావాదేవీకి 12 అంకెల నంబరు ఉంటుంది. కాలేజీ వాళ్లకైనా, బ్యాంకుకైనా అదే ఆధారం. ఖాతాలో డబ్బు తగ్గి, తీసుకునేవారికి నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో ఆ సొమ్ము దానంతటదే వెనక్కి రావాలని రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

కానీ ఆఖరు తేదీ అయిదు రోజులు ఆగదు కదా! అందుకే ఆ నంబరుతో కాలేజీకి అదే రోజు ఫిర్యాదు పంపడం ముఖ్యం. హెల్ప్‌డెస్క్‌కు గానీ కాలేజీకి గానీ బొమ్మలు పంపేటప్పుడు అందులో ఆధార్ నంబరు, ఖాతా వివరాలు ఉంటే కత్తిరించి పంపాలి. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకూడదు. స్క్రీన్‌షాట్ సరిచేయడానికి దానితో ఏ పనీ లేదు.

ఇంత జరిగాక ఆ సెంటర్ కుర్రాడు ఇక మీదట ఏం చేయాలి? తెర మీద ‘పెండింగ్’ అన్న మాట కనిపిస్తే ఏ మీటా ముట్టకముందే బల్ల మీది నోట్‌బుక్ లాక్కుని, కింద ఉన్న నంబరును పెన్నుతో రాసుకోవాలి. ఆ తర్వాతే స్క్రీన్‌షాట్. ఏ అప్‌డేట్ వచ్చినా పెన్ను పని మారదు మరి!