ఫైలు ఒకచోట చెరిపితే అన్నిచోట్లా ఎందుకు పోతుంది?

రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదానిలో ఒక ఫైలు ఉంది, రెండోదానిలో లేదు. రెండింటినీ ఒకే తీరుగా ఉంచే బాధ్యత ఒక ప్రోగ్రాముకు అప్పగించాం. అదేం చెయ్యాలి? ఉన్నచోటి నుంచి లేనిచోటికి కాపీ చెయ్యాలా, లేక ఉన్నచోట కూడా తీసెయ్యాలా? ఫైలు లేకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటి కంప్యూటర్లో దాన్ని ఇప్పుడే కొత్తగా సృష్టించి ఉండొచ్చు. లేదా రెండోదానిలో ఎవరో చెరిపేసి ఉండొచ్చు. ఫోల్డర్లను ఎంతసేపు చూసినా ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలియదు.

ఈ చిక్కుముడి చాలా పాతది. 1980లలో జిరాక్స్ సంస్థ నెట్‌వర్క్‌లో క్లియరింగ్‌హౌస్ అనే వ్యవస్థ నడిచేది. సంస్థలోని మనుషులు, ప్రింటర్లు, మెయిల్‌బాక్సుల పేర్లన్నీ ఉన్న చిరునామా పుస్తకం అది. దాని నకళ్లు అనేక సర్వర్లలో ఉండేవి. ఒక సర్వర్లో మార్పు జరిగితే అది పక్కదానికి చెప్పేది, ఆ పక్కది ఇంకోదానికి చెప్పేది. కొత్త పేరు చేర్చడానికి ఈ పద్ధతి సరిపోతుంది. పేరును ఊరికే తీసేస్తే మాత్రం బెడిసికొడుతుంది. ఒక సర్వర్లో తీసేసిన పేరు మిగతా సర్వర్లలో ఇంకా ఉంటుంది కదా. 'నీ దగ్గర ఇది లేదు, తీసుకో' అని అవే దాన్ని తిరిగి తెచ్చి పెడతాయి. అలా చెరిపిన పేరు మళ్లీ లేచి కూర్చుంటుంది.

జిరాక్స్ పరిశోధకుడు అలన్ డీమర్స్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దీనికి విరుగుడు వివరించారు. పేరును తీసేసి ఆ చోటును ఖాళీగా వదలకుండా, 'ఇది ఫలానా సమయంలో చనిపోయింది' అనే చిన్న నమోదును అక్కడ ఉంచాలి. దానికి వాళ్లు పెట్టిన పేరు మరణ ధ్రువపత్రం. ఈ పత్రం కూడా మిగతా మార్పుల్లాగే సర్వర్ నుంచి సర్వర్‌కు పాకుతుంది. పాత నకలు ఎక్కడ ఎదురైనా దాన్ని తుడిచేస్తుంది. మనం ఈనాడు భయపడేది సరిగ్గా ఈ గుణానికే. చెరపడం అంటే ఏమీ లేకుండా పోవడం కాదు, అది కూడా ఒక మార్పే. మార్పు గనుక అన్నిచోట్లకూ చేరుతుంది. అప్పటి బాధ చెరిపినవి తిరిగి వచ్చేస్తాయని. ఆ బాధను తీర్చిన ఏర్పాటే ఇప్పుడు మన ఫొటోలను ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి మాయం చేస్తోంది.

2007లో డ్రూ హ్యూస్టన్, అరాష్ ఫెర్డౌసీ డ్రాప్‌బాక్స్ సంస్థను మొదలుపెట్టాక, ఇలా ఫైళ్లను ఒకే తీరుగా ఉంచే పని కంప్యూటర్ నిపుణుల చేతుల్లోంచి ఇళ్లలోకి వచ్చింది. మామూలు ఫోల్డర్‌లా కనిపించే ఒక ఫోల్డర్, లోపల మాత్రం ఇంత యంత్రాంగం. అది మామూలు ఫోల్డర్‌లా కనిపించడంలోనే సౌకర్యం ఉంది, ప్రమాదమూ ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. `illu-plan.pdf` అనే ఇంటి ప్లాను ల్యాప్‌టాప్‌లోనూ, ఇంట్లోని డెస్క్‌టాప్‌లోనూ సింక్ ఫోల్డర్‌లో ఉంది. సోమవారం రెండూ కలిసినప్పుడు, 'ఈ ఫైలు రెండుచోట్లా ఉంది' అని ప్రోగ్రాము తన చిట్టాలో రాసుకుంది. మంగళవారం ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఆ ఫైలును చెరిపారు. డెస్క్‌టాప్ అప్పుడు ఆపేసి ఉంది. బుధవారం దాన్ని ఆన్ చెయ్యగానే ప్రోగ్రాము మూడు విషయాలు చూస్తుంది. చిట్టాలో ఫైలు ఉంది. డెస్క్‌టాప్‌లో ఉంది, మారలేదు. ల్యాప్‌టాప్‌లో లేదు. అంటే ఎవరో కావాలనే చెరిపారని తేల్చుకుని డెస్క్‌టాప్‌లోనూ తీసేస్తుంది. చిట్టాలో ఆ ఫైలు ఊసే లేకపోయి ఉంటే అది కొత్త ఫైలని అనుకుని ల్యాప్‌టాప్‌కు కాపీ చేసేది. ప్రోగ్రాము ఎక్కడా తప్పు చెయ్యలేదు. 'ఇక్కడ చోటు లేదు' అన్న మన ఉద్దేశం దానికి అందలేదు. 'ఈ ఫైలు ఇక వద్దు' అన్నదే అందింది.

పై కథలో మంగళవారం రాత్రి పొరపాటు తెలిసి ఉంటే, డెస్క్‌టాప్‌కు నెట్ తగలకుండా చేసి ఆన్ చెయ్యొచ్చు. అప్పుడు ఫైలు ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని సింక్ ఫోల్డర్ బయటికి కాపీ చేసుకుని ఆ తర్వాతే నెట్ కలపాలి.

చెరిపే బటన్ నొక్కకుండానే ఫైలు పోయే దారి కూడా ఒకటుంది. సింక్ ఫోల్డర్‌లోంచి ఫైలును కట్ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే, మిగతా పరికరాలకు అది చెరిపివేతే. విండోస్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు కూడా సింక్ కిందికే వస్తాయి. తమ కంప్యూటర్లో మాత్రమే ఉన్నాయనుకునే ఫైళ్లు నిజానికి సింక్‌లో ఉన్నాయని చాలామందికి తెలియదు. ఫైలు పక్కన ఆకుపచ్చ టిక్కో, మేఘం గుర్తో ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఫోన్లలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే, ఫోన్లో చెరిపిన ఫొటో ఐప్యాడ్‌లోనూ పోతుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫొటోస్ యాప్‌లోంచి చెరిపితే ఫోన్లోనిదీ, ఆన్‌లైన్‌లోనిదీ రెండూ పోతాయి. అదే ఫొటోను చాలా ఫోన్లలో వేరే గ్యాలరీ యాప్‌లోంచి చెరిపితే, గూగుల్ ఫొటోస్‌కు చేరిన కాపీ అక్కడే ఉంటుంది. ఒకే ఫోన్, ఒకే ఫొటో, ఫలితాలు రెండు. ఇది వాడేవాళ్ల తెలివితక్కువతనం కాదు. బటన్ మీద ఉన్న మాట ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?

చోటు కోసమే అయితే చెరపాల్సిన అవసరమే లేదు. గూగుల్ ఫొటోస్‌లో, వన్‌డ్రైవ్‌లో `Free up space` అని ఉంటుంది. అది పరికరంలోని కాపీని మాత్రమే తీసి ఆన్‌లైన్ కాపీని ఉంచుతుంది. ఐఫోన్‌లో `Optimize iPhone Storage` పెడితే ఫోన్లో చిన్న కాపీలు, ఐక్లౌడ్‌లో అసలువి ఉంటాయి. అప్పటికే పోయి ఉంటే వెబ్‌సైటులోని ట్రాష్‌లో వెతకాలి. గూగుల్ డ్రైవ్ 30 రోజులు ఉంచుతుంది. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ అయినవాటిని 60 రోజులు, కానివాటిని 30 రోజులు ఉంచుతుంది. చోటు కోసం ట్రాష్‌ను కూడా ఖాళీ చేస్తే ఈ గడువులేవీ అక్కరకు రావు.

కాబట్టి సింక్‌ను బ్యాకప్ అనుకోకూడదు. మన మార్పులను నమ్మకంగా అన్నిచోట్లా చెయ్యడమే దాని పని, వాటిలో పొరపాట్లు కూడా ఉంటాయి. మన చెరిపివేత చేరని కాపీ ఒకటి విడిగా కావాలి. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ దీనికి ఇప్పటికీ పనికొస్తుంది. ఎందుకంటే ప్రత్యేకంగా చెబితే తప్ప అది అవతలివైపు ఏదీ చెరపదు.

```
rsync -av Photos/ /media/disk/Photos/
```

ఇక్కడ ఫొటో పోయినా బయటి డిస్క్‌లో ఉంటుంది. ఇదే ఆదేశానికి `--delete` తగిలిస్తే మాత్రం డిస్క్ కూడా అద్దంలా మారిపోయి, ఇక్కడ లేనిది అక్కడా తీసేస్తుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. ఫైలు పాడైపోయినా, దాని మీద వేరేది రాసేసినా, తర్వాతిసారి ఆ చెడ్డ కాపీయే డిస్క్‌లోని మంచిదాని స్థానంలోకి వెళ్లొచ్చు. అందుకే ప్రతిసారీ ఆ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను విప్పి పక్కన పెట్టడం మేలు.

మీ పరికరాల్లో ఏ ఫోల్డర్ ఎలా నడుస్తుందో తేల్చుకోవాలంటే, పనికిరాని ఒక చిన్న ఫైలును అందులో పెట్టి, రెండో పరికరంలోకి చేరాక ఇక్కడ చెరిపి చూడండి. అక్కడా పోతే వెబ్‌సైటుకు వెళ్లి దాన్ని ట్రాష్‌లోంచి వెనక్కి తెచ్చే ప్రయత్నం కూడా చెయ్యండి.